హాస్యనవలలో అదను

ఒక నవలను చదివి “మిక్కిలి నవ్వు వచ్చినది” అని చెప్పుట అభిప్రాయమే కాని పరీక్ష కాదు. ఆ నవ్వు ఏ వాక్యమువద్ద వచ్చినది? అంతకు ముందు వాక్యమువద్ద ఏల రాలేదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినప్పుడే మనము హాస్యమును పరీక్షించినవార మగుదుము. సేద్యగానికి అదను తెలిసినట్లే హాస్యరచయితకును అదను తెలియవలెను. విత్తనము మంచిదే, నేలయు మంచిదే. అదను తప్పినచో మొలక రాదు.

నాటకమున అదను నటుని చేతిలో నుండును. అతడు మాట నాపి, ప్రేక్షకులను కలయజూచి, మరల పలుకును. పుటమీద నటుడు లేడు. చదువరి తన వేగమున తాను చదువుకొనిపోవును. కావున నవలాకారునకు గల ముఖ్యసాధనము ఒక్కటే: ఏ సంగతి ఎవరికి ముందు తెలియవలెను, ఎవరికి తరువాత తెలియవలెను అను క్రమము.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి “బారిష్టర్ పార్వతీశం” దీనికి మంచి ఉదాహరణము. దాని మొదటిభాగము 1924లో వెలువడినది. మొగలితుర్రు గ్రామమునుండి బయలుదేరి, నిడదవోలున రైలెక్కి, మన నెల్లూరుమీదుగా పోవు దారిని చెన్నపట్టణము చేరి, బారిష్టరు చదువునకై సీమకు పోవు యువకుని కథ యిది. దొరలవలె నుండవలెనని అతడొక టోపీ కొనును. అది దొరసానులు పెట్టుకొను టోపీ.

ఈ సంగతినే మన మాటలలో మూడు విధములుగ చెప్పి చూతము. మొదటిది: “నేను తెలియక ఆడువారి టోపీ కొంటిని, అందరును నవ్విరి.” ఇచ్చట గుట్టు మొదటి మాటలోనే బయటపడినది, తరువాత వేచియుండుటకు ఏమియు లేదు. రెండవది: టోపీ కొన్నాడు, వీధిలో నడచినాడు, జనులు నవ్విరి, తుట్టతుద నెవరో అది ఆడువారిదని చెప్పిరి. ఇందు ఆశ్చర్యము కలదు గాని అది ఒక్క క్షణమే నిలుచును. మూడవది: టోపీ మీది పూలను, ఈకలను అతడు మెచ్చుకొనుచు వర్ణించును, జనులు చూచుచుండగా తన దర్జాకు వారు అబ్బురపడుచున్నారని తలచును. చదువరి గ్రహించెను, అతడు గ్రహింపలేదు. ఆ రెంటి నడుమనున్న ఎడమే నవ్వునకు చోటు. అతడు తల ఎంత పైకెత్తి నడచిన ఆ చోటంత పెరుగును.

ఇంకొక విశేషము గమనింపుడు. ఈ నవలలో కథ చెప్పువాడు పార్వతీశమే. జరిగిన సంగతులను తరువాత చెప్పుచున్నాడు కనుక ఇప్పు డతనికి అంతయు తెలియును. అయినను ఆనాటి తెలియనివానివలె చెప్పవలెను. తెలిసిన పార్వతీశము తొందరపడి నడుమ తల దూర్చినచో అదను చెడును. ఈ పద్ధతివలన మరియొక మేలు కలదు. పట్టణవాసి యెవడో ఈ కథ చెప్పినచో అది పల్లెవానిని వెక్కిరించుట కావచ్చును. తన తెలియమిని తానే మన ముందు పెట్టుకొనువానిని చూచి నవ్వుదుము గాని చులకన చేయము. నవ్విన పిమ్మట మన కతనియెడ ప్రీతి పెరిగెనా, తరిగెనా అని చూచుకొనుట హాస్యపరీక్షలో ముఖ్యభాగము.

చదువరి యెవరన్న సంగతియు అదనును మార్చును. దొరసానుల టోపీలు చూచిన చెన్నపట్టణపు చదువరికి వర్ణనలోనే గుట్టు తెలియును. వాని నెన్నడును చూడని పల్లెటూరి చదువరికి పార్వతీశముతోపాటే తెలియవచ్చును. మొదటివానిది ముందే పుట్టి సాగు నవ్వు. రెండవవానిది తటాలున వచ్చు నవ్వు. ఇరువురికిని పనిచేయు ఘట్టమే గట్టి ఘట్టము.

ఈ పద్ధతికి హద్దును కలదు. ఎరుగని వస్తువు, పొరపాటు, జనుల నవ్వు అను వరుస మరల మరల వచ్చినచో చదువరి తుదిని మొదటనే ఊహించును. అప్పుడు ఆ ఎడము ఉత్త ఆలస్యముగ మిగులును. నాయకుడు సీమ మర్యాదలకు అలవాటు పడినకొలదియు ఈ ఊట సన్నగిల్లును. రచయిత నవ్వునకు వేరొక మూలమును వెదకవలెను.

ఇక పరీక్షావిధానము. నచ్చిన ఘట్టమును తీసికొని పెన్సిలుతో మూడు గుర్తులు పెట్టుడు: మీకు అనుమానము కలిగినచోట ఒకటి, ఇతర పాత్రలకు తెలిసినచోట ఒకటి, నాయకునకు తెలిసినచోట ఒకటి. తరువాత గుర్తుల నడుమనున్న వాక్యములను ఒక్కొక్కటిగ చేతితో మూసి చదువుడు. ఒక వాక్యమును మూసినను నవ్వు తగ్గకున్నచో ఆ వాక్యము హాస్యమునకు అనవసరము. నవ్వు తగ్గినచో అది హాస్యపు మాటవలె కనబడకున్నను హాస్యమును మోయుచున్న వాక్యమదియే. పెక్కుసార్లు ఆ వాక్యము నవ్వు వచ్చినచోట నుండదు. దానికి రెండు మూడు వాక్యములు పైననే యుండును.