ఇప్పచెట్టూ రామశబ్దమూ

ఛత్తీస్‌గఢ్‌లోని ఆవపల్లిలో తెలుగు ఇళ్ల పిల్లలకు చిన్నప్పటినుంచే భాషలు ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండీ, దోర్లీ చెవిన పడతాయి. ఆరో తరగతికి రాగానే వీటికి సంస్కృతం తోడవుతుంది. మొదటి కొన్ని నెలల్లోనే పిల్లవాడు రామశబ్దం పట్టుకుని ఇంటికి వస్తాడు. అమ్మమ్మకు అది చిన్ననాటినుంచీ నోటికి వచ్చినదే కాబట్టి సంబరంగా అందుకుంటుంది. రెండో వరసలోనే తగవు మొదలవుతుంది. "రామః రామౌ రామాః" తరవాత అమ్మమ్మ "హే రామ, హే రామౌ, హే రామాః" అంటుంది. పిల్లవాడు "కాదు, రామం రామౌ రామాన్" అంటాడు. ఎవరిది తప్పో తెలియక తల్లిదండ్రులు సందిగ్ధంలో పడతారు.

ఇద్దరిదీ ఒప్పే. మన తెలుగు నాట శబ్దమంజరి చదువుకున్నవారు ప్రథమా విభక్తి కాగానే సంబోధన చెప్పి, ఆ తరవాత ద్వితీయకు వెళతారు. హిందీ పాఠ్యపుస్తకాల్లో సంబోధనను సప్తమి తరవాత, అట్టడుగున పెడతారు. అసలు వ్యాకరణం ప్రకారం విభక్తులు ఏడే. పిలిచేటప్పుడు వచ్చేది ఎనిమిదోది కాదు, ప్రథమే. దాని పేరే సంబోధన ప్రథమ. అందుకే మనవాళ్లు దాన్ని ప్రథమ పక్కన కూర్చోబెట్టారు. బడిలో పరీక్ష రాయాలి కాబట్టి పిల్లవాడిని వాడి పుస్తకంలోని వరసలోనే వల్లె వేయనివ్వండి. అమ్మమ్మ వరసను తప్పు అని మాత్రం అనకండి. ఒకే ఇంట్లో రెండు వరసలు కలగలిపి చెప్పిస్తే పిల్లవాడు ద్వితీయ దగ్గర తడబడతాడు. ఒకటి గట్టిపడ్డాక రెండోది నేర్పితే చాలు.

ఇక వల్లె వేయించే పద్ధతి. ఒక్కో విభక్తికి ఏకవచనం, ద్వివచనం, బహువచనం మూడూ ఒకే ఊపిరిలో రావాలి. చివర విభక్తి పేరు చెప్పి ఆగాలి. పెద్దవారు ఒకసారి అంటే పిల్లలు రెండుసార్లు అనాలి. వేదం సంత చెప్పేటప్పుడు ఉన్న పద్ధతి ఇదే. ఎనిమిది వరసలనూ ఒకే రోజు ఎక్కించవద్దు. మొదట ప్రథమ, ద్వితీయ. ఈ రెండింటికీ ద్వివచనం రామౌ. అవి కుదిరాక తృతీయ, చతుర్థి, పంచమి:

రామేణ రామాభ్యాం రామైః
రామాయ రామాభ్యాం రామేభ్యః
రామాత్ రామాభ్యాం రామేభ్యః

ఈ మూడింటికీ మధ్యలో రామాభ్యాం. ఆ తరవాత షష్ఠి, సప్తమి: రామస్య రామయోః రామాణాం, రామే రామయోః రామేషు. ఇక్కడ మధ్యలో రామయోః. చివరగా, వాడి పుస్తకంలో ఉన్నట్టే సంబోధన. దాని ద్వివచనమూ రామౌ. మొత్తం ఇరవై నాలుగు గళ్లు ఉన్నా విడి రూపాలు పదిహేడే. ద్వివచనంలో ఎనిమిదింటికి మూడే రూపాలు. ఈ సంగతి పిల్లవాడికి చూపిస్తే సగం భయం పోతుంది. ఇంకొకటి కూడా వాడే కనిపెట్టేలా చేయండి. చతుర్థికీ పంచమికీ ఏకవచనంలో తప్ప తేడా లేదు. రామాయ, రామాత్ అన్న రెండు మాటల దగ్గరే అంతా తేలాలి.

వినేటప్పుడు మాటల చివరలను జాగ్రత్తగా వినండి. హిందీలో మాట చివరి అకారం పలకరు. రామ అని రాసి రామ్ అంటారు. ఆ అలవాటు సంస్కృతంలోకి వస్తే రామేణ కాస్తా రామేణ్ అవుతుంది. అలా పలికే పిల్లవాడు రాసేటప్పుడు కూడా చివర హలంత గుర్తు పెట్టేస్తాడు. అప్పుడు పొల్లు లేని రామేణకూ పొల్లు ఉన్న రామాన్, రామాత్‌లకూ తేడా పోతుంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన ఇంటి నోటికి రామేణ, రామస్య నిండుగా పలుకుతాయి. ఈ ఒక్క చోట అమ్మమ్మ ఉచ్చారణే పాఠం కావాలి. అయితే మన తెలుగు కూడా ఒక చోట మోసం చేస్తుంది. పిలిచేటప్పుడు మనం "రామా!" అని దీర్ఘం తీస్తాం. సంస్కృత సంబోధనకు దీర్ఘం లేదు, విసర్గ లేదు. హే రామ, అంతే. విసర్గ ఉన్నచోట ముందున్న అచ్చు నీడ వినిపించాలి. రామః అంటే చివర 'హ', రామైః అంటే 'హి' లాంటి ధ్వని, రామయోః అంటే 'హో'. ఇది వినిపించకపోతే పిల్లవాడు విసర్గ మింగేస్తున్నాడని తెలుసుకోండి. ఆ పిల్లవాడి రాతలోనూ ఆ రెండు చుక్కలు ఉండవు.

ఒక ఆరో తరగతి పిల్లవాడు నాకు రామశబ్దం ఒక్క తప్పు లేకుండా గడగడా అప్పజెప్పాడు. వాళ్ల నాన్న గర్వంగా చూస్తున్నాడు. నేను "ఇప్పచెట్టు నుంచి పువ్వు రాలుతోంది" అన్నది సంస్కృతంలో చెప్పమన్నాను. ఇప్పచెట్టుకు మధూకః అనే మాట కూడా నేనే ఇచ్చాను. అది అకారాంత పుంలింగమే. వేసవి మొదట్లో తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికి ఇంటిల్లిపాదీ వెళ్లే ఊళ్లలో అంతకంటే దగ్గరి మాట ఎక్కడ దొరుకుతుంది? వాడు "మధూకేన పుష్పం పతతి" అన్నాడు. ఎందుకు అలా అన్నావని అడిగితే "పేడ్ సే" కదా, 'సే' తృతీయ అన్నాడు.

తప్పు ఎక్కడ వచ్చిందో ఆ జవాబే చెబుతోంది. హిందీలో కత్తితో కోయడానికీ 'సే', చెట్టు నుంచి రాలడానికీ 'సే'. సంస్కృతంలో మొదటిది తృతీయ, రెండోది పంచమి. నేను "ఇంట్లో ఎలా అంటావు?" అన్నాను. "చెట్టు నుంచి." "కత్తితో కూడా 'నుంచి' అంటావా?" "అనను." తెలుగులో ఆ రెండూ వేరు. 'తో' అంటే తృతీయ, 'నుంచి' అంటే పంచమి. వాడు పంచమిదాకా మొదటినుంచి గొణుక్కుని, వరసను చేరుకుని "మధూకాత్ పుష్పం పతతి" అన్నాడు. అలా మొదటినుంచి గొణుక్కోవలసి వచ్చిందంటే పాఠం ఇంకా సగంలోనే ఉందని అర్థం. అందుకే వరస కుదిరాక ఎక్కడినుంచైనా అడగండి. "పంచమి చెప్పు", "షష్ఠి బహువచనం చెప్పు" అంటూ ఉండండి. తరవాత రామ స్థానంలో మధూక, వృక్ష, గ్రామ, మయూర పెట్టి అదే రాగంలో చెప్పించండి.

అలాగని అన్ని చోట్లా తెలుగే దారి చూపుతుందని అనుకోకండి. "రాముడికి పుస్తకం ఇచ్చాడు", "రాముడికి ఇద్దరు కొడుకులు". మనకు రెండూ 'కి'నే. పైగా తెలుగు వ్యాకరణంలో 'కిన్, కున్' షష్ఠీ విభక్తిలో ఉన్నాయి. తెలుగు విభక్తులు బాగా వచ్చిన అమ్మమ్మ, "కి అంటే షష్ఠిరా" అని చెప్పేస్తుంది. పిల్లవాడు "రామస్య పుస్తకం దదాతి" అని రాస్తాడు. అది తప్పు వాక్యం కూడా కాదు. రాముడి పుస్తకాన్ని ఇంకెవరికో ఇస్తున్నాడు అని అర్థం వస్తుంది. ఇచ్చేది ఎవరికో చెప్పాలంటే చతుర్థి కావాలి: రామాయ పుస్తకం దదాతి. కొడుకులున్న మాటకు షష్ఠి: రామస్య ద్వౌ పుత్రౌ. ఇక్కడ హిందీ ఆదుకుంటుంది. ఇచ్చేచోట 'కో' అంటారు, సంబంధం చెప్పేచోట 'కే' అంటారు. కాబట్టి తృతీయా పంచములను విడదీయడానికి ఇంటి భాషను, చతుర్థీ షష్ఠులను విడదీయడానికి బడి భాషను వాడుకోమని పిల్లవాడికి చెప్పండి. రెండు భాషలు వచ్చిన పిల్లవాడికి ఈ సదుపాయం ఉంది. దేవుడి గదిలో రోజూ వినే కేశవాయ నమః, మాధవాయ నమః కూడా చతుర్థులే అని చూపిస్తే రామాయ అన్న రూపం ఇక మరచిపోడు.

రెండు భాషలూ చేయి వదిలే చోటు ఒకటి ఉంది. ఎలుగుబంటికి భయపడతాడు అంటాం మనం. 'కి' చూసి పిల్లవాడు చతుర్థి అంటాడు. హిందీలో 'సే' ఉంది కాబట్టి తృతీయ అనీ అనవచ్చు. సంస్కృతంలో భయం దేనివల్ల పుడుతుందో దానికి పంచమి: భల్లూకాత్ బిభేతి. ఇలాంటివాటికి ప్రత్యయం లెక్క చూడకుండా వాక్యాన్నే నోటికి పట్టించాలి.

రామశబ్దం ఒక్కటే వల్లె వేసిన పిల్లలు బాలకేణ, మధూకాణాం అనడం మీరు వినే ఉంటారు. రామలో ర ఉండడం వల్ల ఆ న ణ అయింది. మాటలో ర, ష, ఋ ఏవీ లేకపోతే న గానే ఉంటుంది: బాలకేన, మధూకానాం. వృక్షేణ, మృగేణ అన్నప్పుడు ణ వస్తుంది. ర ఉన్నా మధ్యలో జ లాంటి అక్షరం అడ్డుపడితే రాదు. అందుకే అర్జునేన అంటాం. ఆరో తరగతి పిల్లవాడికి ఈ నియమమంతా అక్కర్లేదు. రామ పక్కన బాలక శబ్దం కూడా నోటికి వస్తే చాలు, చెవే తేడా పట్టేస్తుంది.

తెలుగు పిల్లలు చేసే తప్పు ఒకటి ఉంది, దాన్ని హిందీ మాస్టారు గుర్తించలేకపోవచ్చు. మనం వృక్షం, గ్రామం, పర్వతం అంటాం. ఆ మకారం తెలుగు ప్రథమా విభక్తిది. పిల్లవాడు అదే సంస్కృత ప్రథమ అనుకుని "వృక్షం పతతి" అని రాస్తాడు. సంస్కృతంలో అవి పుంలింగాలు, వృక్షః, గ్రామః, పర్వతః. వృక్షం అంటే 'చెట్టును' అనే ద్వితీయ. కానీ ఫలం, పుష్పం, వనం నిజంగానే నపుంసకాలు. తృతీయ నుంచి వాటి వరస రామశబ్దం లాగే నడిచినా మొదటి వరసల్లో ఫలం ఫలే ఫలాని అని వేరుగా ఉంటాయి. ఏది ఏ జాతిదో తెలుగు మాటను చూసి తేల్చలేం. కొత్త మాట ఇచ్చేముందు బడి పుస్తకంలో దాని ప్రథమ చూడండి, చివరి అకారం పక్కన రెండు చుక్కలు ఉంటేనే రామ రాగంలో పెట్టించండి.

ఈ సాయంత్రం పిల్లవాడు వల్లె వేయడం పూర్తయ్యాక ఒక్క వాక్యం అడగండి. చేత్తో ఏరాం, చెట్టు నుంచి రాలింది, అమ్మమ్మకు ఇచ్చాం, ఇలా ఇంట్లో జరిగినదే ఏదో ఒకటి. విభక్తి ఏదో తెలుగులోనో హిందీలోనో ఆలోచించి చెప్పనివ్వండి. తప్పు చెబితే కొట్టివేయకుండా "ఎందుకు అలా అన్నావు?" అని అడగండి.