పోటీ పరీక్షల ప్రత్యేకం: రక్తంలో మందు మొత్తం ఎంత?

జెంటామైసిన్‌ను నేరుగా సిరలోకి ఎక్కించారనుకుందాం. రక్తంలో దాని గాఢత మొదట లీటరుకు 20 మి.గ్రా. గంటకు క్షయ స్థిరాంకం 0.25. అప్పుడు గాఢత C = 20e^(−0.25t). శరీరం ఈ మందుకు మొత్తంగా ఎంత లోనైందో చెప్పేది ఈ వక్రరేఖ కింది వైశాల్యం, అంటే ఏయూసీ.

గాఢత ఎప్పటికీ పూర్తిగా సున్నా కాదు కాబట్టి సమాకలనికి ఎగువ అవధి అనంతం. ముందు T వరకు సమాకలనం చేస్తే 80(1 − e^(−0.25T)) వస్తుంది. T పెరిగేకొద్దీ ఘాతపదం సున్నాకు చేరుతుంది, మిగిలేది 80. దీని ప్రమాణం మి.గ్రా.·గంట/లీటరు. ప్రమాణం రాయకపోతే జవాబు సగమే! దగ్గరి దారి: తొలి గాఢత ÷ క్షయ స్థిరాంకం.

నిజానికి రక్త నమూనాలు అనంతకాలం తీయరు. 8 గంటలకే ఆపితే చివరి గాఢత 2.71. దాన్ని 0.25తో భాగిస్తే మిగతా తోక వైశాల్యం 10.8, మొత్తంలో 13.5 శాతం. ఇది 20 శాతం దాటితే ఆ అంచనాను సాధారణంగా నమ్మరు.

ఈ మందు మూత్రపిండాల ద్వారానే పోతుంది. అవి దెబ్బతిని స్థిరాంకం 0.125కు పడిపోతే, అదే మోతాదుకు ఏయూసీ 160 అవుతుంది.