డివైడర్ ఏ పక్కన ఉంది, అమ్మలూ?

క్లెయిమ్ ఫారంలో ప్రమాద వివరానికి మూడు గీతలే ఉన్నాయని బెంగపెట్టుకున్నావు. చాలకపోతే వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి జతచెయ్యి. నాకు గాభరా వేసింది నువ్వు పంపిన చిత్తుప్రతి చూసి. "మానగో నుంచి డిమ్నా చౌక్ వైపు వెళ్తుండగా కుక్క అడ్డొచ్చింది. బ్రేక్ ఫెయిలై, ఎడమకు తిప్పితే కారు డివైడర్‌ను గుద్దుకుంది." జరిగింది నిజమే, రాసిన తీరే దాన్ని అబద్ధంలా చూపిస్తోంది.

మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం, కాబట్టి డివైడర్ నీ కుడిచేతి పక్కన ఉంటుంది. నువ్వు పంపిన ఫొటోలో పగిలింది కూడా కుడి హెడ్‌లైటే. సర్వేయర్ నీ కాగితం పట్టుకుని కారు పక్కన నిలబడతాడు. నొక్కు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, డివైడర్ ఎత్తుకు సరిపోతుందో లేదో చూస్తాడు. గీతల్లో సిమెంటు పొడి ఉందా, డివైడర్ రంగు అంటిందా, నొక్కులో తుప్పు పట్టిందా అని చూస్తాడు. తుప్పుంటే అది పాత దెబ్బేమో అనుకుంటాడు. ఎడమ, కుడి తారుమారు చేశావంటే తక్కిన మాటలన్నీ అనుమానంగానే చదువుతాడు.

ఇక ఆ "బ్రేక్ ఫెయిల్" అన్న మాట. నేను ఎప్పుడూ పోరేది దీని గురించే. చూసింది రాయాలి, ఊహించింది రాయకూడదు. బ్రేకులు పట్టలేదని నీకెలా తెలుసు? వానకి రోడ్డు తడిగా ఉంది, బ్రేక్ తొక్కావు, కారు జారింది. నీకు తెలిసింది అంతే. యంత్రం దానంతటది చెడిపోతే ఆ భాగం ఖర్చు మామూలు కారు పాలసీలో రాదు. ఆ ఒక్క మాటతో బ్రేకులు విప్పి చూడాల్సి వస్తుంది, అవి బాగానే ఉంటే నీ మాట తప్పవుతుంది.

టైము కూడా జాగ్రత్త. కంపెనీ హెల్ప్‌లైన్‌కి నువ్వు చేసిన కాల్, ఫోన్‌లో ఫొటోలు తీసిన టైము, గ్యారేజీ రిజిస్టరు, పోలీసులకు చెప్పి ఉంటే స్టేషన్ డైరీ, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. కాల్ టైము ఫోన్‌లో చూసి ఉన్నదున్నట్టు రాయి. గుద్దుకున్న టైము సరిగ్గా తెలియకపోతే "సుమారు" అని రాయి.

నడిపింది ఎవరో తప్పకుండా రాయి. మన కార్లలో డ్రైవరు బెల్టు కుడి భుజం మీదుగా దిగుతుంది, పక్కసీటుది ఎడమ భుజం మీదుగా. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే, గాయం కాగితంలో బెల్టు కమిలిన గుర్తు ఏ భుజం మీద రాశారో చూస్తే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలిసిపోతుంది.

ఇలా రాయి: "రాత్రి సుమారు 9:40కి, వానలో, మానగో నుంచి డిమ్నా చౌక్ వైపు నేనే నడుపుతున్నాను. ఎడమ నుంచి కుక్క అడ్డొచ్చింది. బ్రేక్ తొక్కి కుడికి తిప్పాను. కారు జారి, ముందు కుడి మూల డివైడర్‌కు తగిలి అక్కడే ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు."

సంతకం పెట్టేముందు కారు దగ్గర నిలబడి ఒక్కో వాక్యం చదువు. కారు మీద కనబడని మాట ఏదైనా ఉంటే, అది నువ్వు కళ్లారా చూసిందేనా అని నిన్ను నువ్వే అడుగు. కాకపోతే కొట్టెయ్యి.

మీ మావయ్య