లోటు ఏ లెక్కలో కనబడుతుంది?

ప్రశ్న: మాది హార్డ్‌వేర్ షాపు. నెలాఖరున సరుకు లెక్కపెడితే చాలదా, ప్రతి అమ్మకానికీ స్టాకు తగ్గించాలా?

జవాబు: లాభం తేలడానికి చాలు, లోటు మాత్రం తెలియదు. తొలి నిల్వ 2 లక్షలు, కొనుగోళ్లు 5 లక్షలు, నెలాఖరున తేలిన సరుకు 1.80 లక్షలు అనుకుందాం. మీ పద్ధతిలో మిగతా 5.20 లక్షలూ అమ్మిన సరుకు ఖరీదు కిందే పడతాయి. పోయినదీ పాడైనదీ అందులోనే కలిసిపోతాయి. లెక్క తేలేదాకా పద్దులూ ముగియవు. నిరంతర పద్ధతిలో బిల్లు పడగానే ఆ సరుకు ఖరీదు స్టాకు ఖాతా నుంచి తగ్గుతుంది. అలా 5.05 లక్షలు తగ్గితే పుస్తకంలో 1.95 లక్షలు మిగలాలి. అరల్లో 1.80 లక్షలే ఉంటే, 15 వేల లోటు విడిగా బయటపడుతుంది. చివరి లాభం రెండింటిలోనూ ఒకటే. ఇక లెక్కపెట్టే పని తప్పుతుందా అంటే, తప్పదు. మానేస్తే ఆ 15 వేలు లేని ఆస్తిగా పుస్తకంలో ఉండిపోతాయి. తూకానికి అమ్మే మేకులకు ఇంత శ్రమ దండగే. మోటార్లు, కుళాయిలకు మాత్రం నిరంతర లెక్క పెట్టండి.