ముగ్గురు కొడుకులు, మూడు మూలల చేను

ప్రశ్న: మా పిల్లల పుస్తకంలో ఒక కథ ఉంది. ఒక రైతు త్రిభుజాకారపు చేనును మధ్యగత రేఖలతో ముగ్గురు కొడుకులకు సమానంగా పంచుతాడు. భుజాలు వేరువేరుగా ఉన్నా వాటాలు సమానమేనా?

జవాబు: సమానమే. చేని భుజాలు 130, 140, 150 మీటర్లు అనుకోండి. 140 మీటర్ల గట్టు నుంచి ఎదుటి మూలకు ఎత్తు 120 మీటర్లు, కాబట్టి విస్తీర్ణం 8,400 చదరపు మీటర్లు. అంటే సుమారు రెండెకరాల మూడు గుంటలు. ప్రతి మూల నుంచి ఎదుటి గట్టు నడిమికి తాడు లాగితే మూడు తాళ్లూ ఒకేచోట కలుస్తాయి. ఆ చోటు ఏ గట్టు నుంచి చూసినా ఎత్తులో సరిగ్గా మూడో వంతు దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి మూడు మూలలకూ గట్లు వేస్తే 140 మీటర్ల వైపు వాటా ఎత్తు 40 మీటర్లు, విస్తీర్ణం 2,800. మిగతా రెండూ అంతే.

పొరపాటు జరిగేది ఒక్కచోటే. గట్టు నడిమిని టేపుతో కొలవకుండా మూల కోణాన్ని కంటి అంచనాతో సగం చేస్తారు. 140 మీటర్ల గట్టుకు ఎదుటి మూల కోణాన్ని అలా సగం చేస్తే ఆ గట్టు 65, 75గా తెగుతుంది. చేని రెండు భాగాల మధ్య దాదాపు ఆరు గుంటల తేడా వస్తుంది.

నిజమైన చేనులో బాట ఒక్క గట్టునే ఉంటే ఈ పద్ధతి వద్దు, ఇద్దరికి దారి ఉండదు. ఆ గట్టునే మూడు సమభాగాలు చేసి, ఎదుటి మూలకు గట్లు వేయించండి.