లాడ్ స్కోరు లెక్క: మూడు దాటితే చాలా?

ఒక నానమ్మకు ఒక జబ్బు ఉందనుకుందాం. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, బయటపడే రకం. ఆమె ముగ్గురు కొడుకులకూ అది వచ్చింది. వాళ్ల పిల్లలు మొత్తం పదిమంది, అందులో ఐదుగురికి జబ్బు ఉంది. జబ్బుకు కారణమైన జన్యువు ఏదో మనకు తెలియదు. కానీ ఏ క్రోమోజోమ్‌లో ఎక్కడుందో తెలిసిన ఒక మార్కర్ చేతిలో ఉంది. ఆ జన్యువు ఈ మార్కర్ పక్కనే ఉందా, లేక దీనితో సంబంధం లేకుండా మరెక్కడో ఉందా? పాఠ్యపుస్తకాలు సహలగ్నత అని, ల్యాబుల్లో లింకేజి అని అనేది ఈ ఇరుగుపొరుగు సంబంధాన్నే. దాన్ని కొలిచే అంకె లాడ్ స్కోరు.

మొదటి పని, ఏ అంశ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తేల్చడం. నానమ్మ మార్కర్ 1-1, తాతది 2-2 అనుకోండి. అప్పుడు ముగ్గురు కొడుకులూ 1-2 అవుతారు. జబ్బు నానమ్మదే కాబట్టి కొడుకుల్లో అది 1 ఉన్న క్రోమోజోమ్ మీదే కూర్చుని ఉండాలి. కోడళ్లు ముగ్గురూ 3-3 అయితే మన పని ఇంకా తేలిక. పిల్లల్లో 3ని పక్కన పెడితే మిగిలింది తండ్రి ఇచ్చినదే.

రెండో పని, లెక్కపెట్టడం. జబ్బు ఉన్న పిల్లల్లో 1, లేనివాళ్లలో 2 కనిపిస్తే జబ్బూ మార్కరూ కలిసే ప్రయాణించాయని అర్థం. అటుదిటు అయిన బిడ్డను రీకాంబినెంట్ అంటారు. వీర్యకణం తయారయ్యేటప్పుడు తండ్రి క్రోమోజోముల జంట ముక్కలు మార్చుకోవడంతో ఆ జత విడిపోయిందన్నమాట. ఇలా విడిపోయే అవకాశాన్ని θ అని రాస్తారు. రెండూ పక్కపక్కనే ఉంటే θ సున్నాకు దగ్గర. సంబంధమే లేకపోతే 0.5, అంటే బొమ్మా బొరుసూ.

మూడో పని, రెండు కథల్ని పోల్చడం. రీకాంబినెంట్ ఒక్కరూ లేరనుకోండి. లింకేజి ఉండి θ సున్నా అయితే ప్రతి బిడ్డా ఇలా రావడం ఖాయం. లింకేజి లేకపోతే ఒక్కో బిడ్డకు సగం అవకాశమే. అంటే ఒక్కో బిడ్డతో మన పందెం రెట్టింపవుతుంది. పది రెట్టింపులు అంటే 1024. దాని లాగరిథమ్ 3.01, అదే లాడ్ స్కోరు. లాగరిథమ్ తీసుకోవడం వల్ల లాభమేమిటంటే, వేర్వేరు కుటుంబాల స్కోర్లను గుణించక్కర్లేదు, కూడితే సరిపోతుంది. అయితే ఒకే θ దగ్గర వచ్చిన స్కోర్లనే కూడాలి. ఒక్కో కుటుంబానికి ఏ θ దగ్గర ఎక్కువ వస్తే అది తెచ్చి కూడటం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

సూత్రం ఇంతే. n మంది పిల్లల్లో k మంది రీకాంబినెంట్లైతే:

```
LOD(θ) = log10[ θ^k × (1−θ)^(n−k) / 0.5^n ]
```

తాతా నానమ్మా బతికి లేక, వాళ్ల రక్తం దొరకలేదనుకోండి. అప్పుడు కొడుకుల్లో జబ్బు 1తో ఉందో 2తో ఉందో చెప్పలేం. రెండు దారులకూ సగం సగం ఇచ్చి లెక్కించాలి. ఒక్కో తండ్రి దగ్గర 0.30 చొప్పున పోయి 3.01 కాస్తా 2.11కు దిగుతుంది. పిల్లలు వాళ్లే, జబ్బు అదే. పోయింది పెద్దవాళ్ల సమాచారం. అందుకే కుటుంబాన్ని కలవడానికి వెళ్లినప్పుడు ముందు ముసలివాళ్ల నమూనా తీసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. పదిమందిలో చివరి మనవడికి మార్కర్ 1 ఉంది, జబ్బు మాత్రం లేదు. పేరుకు రీకాంబినెంట్. θను పెంచుతూ పోతే స్కోరు 0.01 దగ్గర 0.97, 0.05 దగ్గర 1.51, 0.1 దగ్గర 1.60, 0.2 దగ్గర మళ్లీ 1.44. శిఖరం 1.60. ఒక్క పిల్లవాడు స్కోరును సగానికి తెచ్చాడు! ఇలా ఒక రీకాంబినెంట్ ఉన్నప్పుడు మూడు దాటాలంటే మొత్తం పదహారుమంది కావాలి.

కానీ వాడి వయసెంత? ఈ జబ్బు నడివయసులో బయటపడేదైతే, వాడికి రాలేదని ఎలా అంటాం, ఇంకా రాలేదని అనాలి గానీ. జన్యువు ఉన్నా ఆ వయసుకు సగం మందికే లక్షణాలు కనిపిస్తాయని ముందే తెలిస్తే, వాడొక్కడికి ఆ సగాన్ని లెక్కలో పెట్టాలి. θ సున్నా దగ్గర మిగతా తొమ్మిదిమంది 2.71 ఇస్తారు, వాడు 0.18 తీసేస్తాడు. మిగిలేది 2.53. పిల్లవాడు మారలేదు, వాడి గురించి మనం ఒప్పుకున్న అజ్ఞానం మారింది. ఆ సగం అనే అంకెను స్కోరు చూశాక ఎంచుకుంటే మాత్రం అది లెక్క కాదు, కోరిక.

ఇంతకీ మూడే ఎందుకు? 1955లో న్యూటన్ మోర్టన్ పెట్టిన గీత అది. కుటుంబాలు ఒక్కొక్కటిగా దొరుకుతాయి కాబట్టి, అబ్రహాం వాల్డ్ పద్ధతిని అనుసరించి, స్కోరు కూడుతూ పొమ్మన్నాడు. 3 దాటితే లింకేజి ఉందని ఆగండి, −2 కంటే దిగితే ఆ θ దగ్గర లేదని ఆగండి, మధ్యలో ఉంటే ఇంకో కుటుంబాన్ని వెతకండి.

మూడంటే వెయ్యికి ఒకటి పందెం. అంత పెద్ద పందెం దేనికని అడగవచ్చు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న మార్కర్ జబ్బు జన్యువుకు కొలవగలిగినంత దగ్గరలో ఉండే అవకాశం మొదటే చాలా తక్కువ, సుమారు యాభైకి ఒకటి. వెయ్యిని ఆ యాభై మింగేస్తే మిగిలేది ఇరవైకి ఒకటి, అంటే దాదాపు 95 శాతం నమ్మకం. స్కోరు 2 దగ్గర ఆగితే వందను యాభై మింగి రెండుకి ఒకటే మిగులుతుంది. దాన్ని నమ్మి ఏళ్ల తరబడి జన్యువు వెతుకుతామా? జబ్బు ఎక్స్ క్రోమోజోమ్‌దేనని వంశవృక్షమే చెబుతున్నప్పుడు మాత్రం 2 చాలంటారు. క్రోమోజోమ్ ఏదో ముందే తెలిసింది కదా.

మోర్టన్ నాటికి చేతిలో ఉన్న మార్కర్లు కొద్ది. తర్వాత జీనోమ్ అంతా గాలించడం మొదలైంది. ఎక్కువ చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట అదృష్టం కొద్దీ పెద్ద స్కోరు తగులుతుంది. అందుకే 1995లో ఎరిక్ లాండర్, లియోనిడ్ క్రుగ్లియాక్ గీతను 3.3కు జరపాలన్నారు. జీనోమ్ మొత్తంలో ఒక్క తప్పుడు ఫలితమైనా వచ్చే అవకాశం 5 శాతం మించకూడదన్నది వాళ్ల కొలత. ఒకే డేటా మీద జబ్బు నిర్వచనాన్ని మూడు రకాలుగా మార్చి చూస్తే, గీతకు ఇంకో 0.48, అంటే మూడు లాగరిథమ్, కలపడం మంచి అలవాటు.

ఇన్ని జాగ్రత్తలూ అదృష్టం చేసే మోసానికే. జబ్బు నిర్ధారణలో పొరపాటుకు ఏ గీతా కాపలా కాయలేదు. 1987లో పెన్సిల్వేనియా ఆమిష్ సమాజంలోని ఒక పెద్ద వంశంలో, మానిక్ డిప్రెషన్ జన్యువు 11వ క్రోమోజోమ్‌లో ఉందని ప్రకటించారు. స్కోరు 4 దాటింది, ఏ గీతతో చూసినా సరిపోయేదే. మూడేళ్లు తిరక్కుండా లెక్క తిరగబడింది. ఆరోగ్యంగా ఉన్నారని రాసుకున్నవాళ్లలో ఇద్దరు తర్వాత జబ్బు పడ్డారు. బంధువుల కొత్త శాఖ కూడా చేరేసరికి, ఆ మార్కర్ల దగ్గర లింకేజి లేదనేంతగా స్కోరు పడిపోయింది.

మన లెక్కలో చివరి మనవడి లాంటివాళ్లే ఆ ఇద్దరూ. కాబట్టి స్కోరు రాగానే ఇంకో పని చేయాలి. అనుమానమున్న ఒక్కొక్కరినీ జబ్బు ఉన్నవాళ్లుగా ఒకసారి, లేనివాళ్లుగా ఒకసారి రాసి మళ్లీ లెక్కకట్టండి. ఒకరి మార్పుతోనే మూడు కాస్తా రెండు అవుతుంటే ప్రకటన ఆపండి. మన 2.53కు కావలసింది, జబ్బు ఉందో లేదో నిస్సందేహంగా తేలిన ఇంకో ఇద్దరు మనవలు. వాళ్లు రీకాంబినెంట్లు కాకపోతే 3.13. ఈ ఒక్క మార్కర్‌నే చూసి ఉంటే గీత దాటినట్టే, జీనోమంతా గాలించి ఉంటే మరొకరు కావాలి.