ఉల్లిపొరతో కణరసం నీటి శక్మం కొలుద్దాం

ఉల్లికణాన్ని గాఢమైన ఉప్పునీటిలో వేస్తే లోపలి నీరు బయటికొచ్చేస్తుంది. కణపదార్థం ముడుచుకుని కణకవచం నుంచి విడిపోతుంది. ఇదే ప్లాస్మోలిసిస్. సరిగ్గా సగం కణాలు విడిపోయే గాఢత మనకు కావాలి. అక్కడ కవచం మీద ఒత్తిడి దాదాపు సున్నా కాబట్టి, బయటి ద్రావణం నీటి శక్మమే కణరసం శక్మం అవుతుంది.

కావలసినవి

ఎర్ర ఉల్లిపాయ ఒకటి (తెల్లదైతే కణాంచులు కనిపించక తిప్పలు పడతాం), స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్, స్వేదన జలం, మూతలున్న చిన్న గిన్నెలు ఐదు, బ్లేడు, ఫోర్సెప్స్, స్లైడ్లు, కవర్ స్లిప్పులు, మైక్రోస్కోప్.

చేసే విధానం

1. 5.85 గ్రాముల ఉప్పును కొద్ది నీటిలో కరిగించి, ఆ తర్వాతే మొత్తం 100 మి.లీ.కు తెద్దాం. ఇది 1 మోలార్ ద్రావణం.

2. దీన్నుంచి 2, 3, 4, 5, 6 మి.లీ. తీసి, ఒక్కోదాన్ని నీటితో 20 మి.లీ. చేద్దాం. 0.1, 0.15, 0.2, 0.25, 0.3 మోలార్ ద్రావణాలు వస్తాయి. గిన్నెల మీద ఇప్పుడే రాసేయండి. తర్వాత చూస్తే అన్నీ నీళ్లలాగే ఉంటాయి.

3. కండగల రేకు ఒకటి తీసుకుని, రంగున్న వెలుపలి వైపు బ్లేడుతో చిన్న చదరాలు గీద్దాం. ఫోర్సెప్స్‌తో పొరను మాత్రమే లాగుదాం. ముక్కలన్నీ ఒకే రేకువి కావాలి.

4. గిన్నెకొకటి ముంచి, మూతపెట్టి 20 నిమిషాలు ఆగుదాం.

5. ముక్కను అదే ద్రావణపు చుక్కలో స్లైడ్ మీద పరిచి, కవర్ స్లిప్ వేసి, 50 కణాలు లెక్కపెడదాం. ఒక్క మూలలో విడిపోయినా ఆ కణం లెక్కలోకి వస్తుంది.

లెక్క

0.2 దగ్గర 50లో 14 (28 శాతం), 0.25 దగ్గర 31 (62 శాతం) విడిపోయాయనుకుందాం. గ్రాఫులో 50 శాతం గీత సుమారు 0.232 మోలార్ దగ్గర తగులుతుంది.

Ψ = −iCRT

ఉప్పు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి i విలువ సుమారు 1.85. R = 0.00831, 27 డిగ్రీల సెల్సియస్ అంటే T = 300.

Ψ = −1.85 × 0.232 × 0.00831 × 300 = −1.07 మెగాపాస్కల్స్

ఇది కణరసపు ద్రావిత శక్మం. నీటితో బిగిసి ఉన్న తాజా కణంలో పీడనం కూడా కలుస్తుంది కాబట్టి, ఆ కణం మొత్తం నీటి శక్మం దీనికంటే సున్నాకు దగ్గరగా ఉంటుంది.

జరిగే పొరపాట్లు

అలవాటుగా మామూలు నీటిచుక్కలో పొరను పరవడం అన్నిటికంటే పెద్ద తప్పు. నీరు లోపలికెళ్లి, ముడుచుకున్న కణాలు చూస్తూండగానే మళ్లీ నిండిపోతాయి.

గిన్నెకు మూత లేకపోతే నీరు ఆవిరై, చీటీ మీది గాఢత కంటే అసలు గాఢత పెరుగుతుంది.

ముక్క అంచున రంగు పోయిన కణాలు బ్లేడు తగిలి చచ్చినవి. వాటిని వదిలి మధ్యలో లెక్కపెట్టండి. అనుమానమొస్తే అప్పుడు మామూలు నీటిచుక్క వేసి చూడండి. బతికున్న కణం తిరిగి నిండుతుంది, చచ్చింది నిండదు.